కొరియర్ ఆఫీసులో ఫోన్ల మోత తగ్గించడం: నా అనుభవం

విజయవాడలో నేను పనిచేసే కొరియర్ ఆఫీసులో పొద్దున పది దాటితే ఫోను ఆగదు. వెబ్‌సైటులో తరచుగా అడిగే ప్రశ్నల విభాగం పెడితే తగ్గుతుందని మా యజమాని ఆ పని నాకు అప్పగించారు. ప్రశ్నల జాబితా కూడా ఆయనే రాసిచ్చారు. అందులో మొదటిది 'మా సంస్థ ప్రత్యేకత ఏమిటి?' ఆ సంగతి కనుక్కుందామని ఫోన్ చేసినవారు నాకైతే ఇంతవరకు తగల్లేదు.

జాబితాను పక్కన పెట్టి, ఫోన్ల దగ్గర కూర్చునే ఇద్దరికీ ఒక రిజిస్టరు ఇచ్చాను. అడిగినవారి మాట ఉన్నది ఉన్నట్టుగా, పంపినవారా అందుకునేవారా, ట్రాకింగ్ నంబరు, ఆ సమయానికి ట్రాకింగ్‌లో ఏమని కనిపిస్తోంది, ఏం చెప్పాక ఫోన్ పెట్టేశారు అని గడులు గీశాను. అన్నిటికంటే పనికొచ్చింది ట్రాకింగ్‌లో ఏముందో రాసే గడి. 'పార్సిల్ ఎక్కడుంది?' అన్న ఫోన్లలో చాలావరకు 'విజయవాడ హబ్ నుంచి బయలుదేరింది' అన్న ఒక్క వరుస దగ్గరే వస్తున్నాయి. బెంగళూరు వెళ్లే లారీ రాత్రి బయలుదేరితే అక్కడి హబ్‌లో దించి మళ్లీ స్కాన్ చేసేదాకా తెర మీద ఏమీ మారదు. పార్సిల్ సవ్యంగానే వెళుతుంటుంది. చూసేవారికి మాత్రం ఎక్కడో ఆగిపోయినట్టే ఉంటుంది.

ఈ జవాబును సహాయం పేజీలో ఎక్కడో అడుగున పెడితే ఎవరూ చూడరు. అందుకని ట్రాకింగ్‌లో ఆ వరుస కిందే రాయించాను: 'లారీ దారిలో ఉంది. బెంగళూరు హబ్‌లో స్కాన్ అయ్యేవరకు ఈ వివరం మారదు. రేపు సాయంత్రం ఆరు గంటలకూ మారకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి.' ఫోన్ నంబరు ఇవ్వడమెందుకని యజమాని అడ్డు చెప్పారు. ఒకే ట్రాకింగ్ నంబరు మీద మూడేసి సార్లు వచ్చిన ఫోన్లను రిజిస్టరులో చూపించాను. మొదటిసారి మనవాళ్లు చెప్పిన జవాబు దాదాపు ప్రతిచోటా 'వచ్చేస్తుందండీ' అనే. ఎప్పటిదాకా ఆగాలో చెప్పకపోతే మనిషి గంటకోసారి అడుగుతాడు. గడువు చెబితే ఆ గడువు దాకా ఊరుకుంటాడు. అప్పటి నుంచి గడువు లేని జవాబును పేజీలోకి రానివ్వలేదు.

తర్వాత ఎక్కువగా వచ్చేవి అమెరికాకు పచ్చళ్లు, స్వీట్లు పంపేవారి ఫోన్లు. 'ఇంట్లో తూస్తే ఐదు కిలోలే, మీరు ఏడున్నరకు ఎలా తీసుకుంటారు?' అని నిలదీస్తారు. యజమాని జాబితాలో దీన్ని 'ఘనపరిమాణ బరువు విధానం' అన్నారు. ఆ పేరుతో వెతికేవారు ఉండరు కనుక ఫోనులో వినిపించిన మాటనే ప్రశ్నగా పెట్టాను. జవాబులో ఒక పెట్టెను కొలిచి చూపించాను. పొడవు 40, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు. మూడూ హెచ్చవేస్తే 36,000. దాన్ని 5,000తో భాగిస్తే 7.2. విమానంలో పెట్టె ఆక్రమించే చోటును ఇలా కిలోల్లో లెక్కగడతారు. దీనికీ అసలు బరువుకూ ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. అరకిలో చొప్పున పైకి సవరిస్తారు కాబట్టి 7.2 కాస్తా ఏడున్నర అయింది. అదే సరుకు 30 సెంటీమీటర్ల ఘనాకారపు పెట్టెలో పడితే 5.4 వస్తుంది, అంటే అయిదున్నరకు కడితే సరిపోతుంది. ఈ చివరి వాక్యం రాస్తే ఆదాయం పోతుందేమోనని కాసేపు చర్చ నడిచింది. రాశాం. ఇప్పుడు కొందరు ఇంటి దగ్గరే టేపు పెట్టి కొలుచుకుని మరీ వస్తున్నారు.

పార్సిల్ పోయినా, పగిలినా ప్రశ్నలూ జవాబులూ పెట్టలేదు. వస్తువు పగిలి మండిపడుతున్న మనిషి చేత పేజీ చదివించడం నాకు నచ్చదు. అక్కడ నేరుగా ఫోన్ నంబరు, దాని పక్కనే పెట్టెనూ లోపలి ప్యాకింగునూ పారేయకుండా ఫొటోలు తీసి ఉంచమన్న ఒక్క మాట.

రిజిస్టరులో జవాబు రాయలేని ప్రశ్న ఒకటి మిగిలింది: 'రోజంతా ఇంట్లోనే ఉన్నాం, తలుపు తాళం అని ఎందుకు పెట్టారు?' ఆ ఫోన్లలో నమోదు సమయాలు చూస్తే వరసగా ఒకే వీధివి, సాయంత్రం ఏడు ప్రాంతంలో, నిమిషాల తేడాతో ఉన్నాయి. మోయలేనన్ని పార్సిళ్లు నెత్తిన పడ్డ డెలివరీ కుర్రాడు మిగిలినవాటికి కూర్చున్నచోటే 'తాళం' కొట్టేస్తున్నాడు. దీనికి ఎంత చక్కని జవాబు రాసినా అబద్ధమే అవుతుంది. ఆ ప్రశ్నను పేజీలోంచి తీసేసి కాగితం డెలివరీ మేనేజరుకు ఇచ్చాను. 'తాళం' అని పెట్టాలంటే ముందు కస్టమరుకు ఫోన్ చేయాలి, తలుపు ఫొటో తీయాలి అని ఆయన నియమం పెట్టారు. చేరుకోలేని పార్సిళ్లకు 'ఈ రోజు రాలేకపోయాం, రేపు తెస్తాం' అని వేరే వరుస చేర్చారు. ఆ కుర్రాడి వీధుల్లో సగం ఇంకొకరికి మార్చాకే ఆ ఫోన్లు తగ్గాయి.