నా మణికట్టు మీది వంపు గీత

రెండేళ్ల కిందట మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాం. భోజనాలయ్యాక వసారాలో ఒక పెద్దాయన అందరి చేతులూ చూస్తున్నారు. నా వంతు వచ్చింది. అరచేతి మీద ఆయన ఎక్కువసేపు ఆగలేదు. ఎడమ చేతి గాజులు పైకి తోసి, మణికట్టు వైపు చూసి, "మొదటి గీత అరచేతిలోకి విల్లులా లేచింది. సంతానం దగ్గర కాస్త ఇబ్బంది ఉంటుందమ్మా" అన్నారు. పక్కనే మా అత్తయ్య కూర్చుని ఉంది. అప్పటికి మాకు పెళ్లై మూడేళ్లు, పిల్లలు లేరు.

ఆ మాట నన్ను నెలల తరబడి వదల్లేదు. స్నానం చేస్తున్నా, గిన్నెలు తోముతున్నా కళ్లు మణికట్టు మీదికే పోయేవి. ఒకరోజు వంపు ఎక్కువగా కనబడేది, ఇంకోరోజు అసలు లేనట్టుండేది. ఆ తేడాకే టెన్షన్ ఇంకా పెరిగేది. చివరికి అమ్మ నన్ను కాకినాడలో తనకి తెలిసిన ఒక మాస్టారి దగ్గరికి తీసుకెళ్లింది. రిటైర్ అయిన తెలుగు పండితులు, నలభై ఏళ్లుగా హస్తసాముద్రికం చదువుతున్న మనిషి. డబ్బు తీసుకోరు.

విషయం చెప్పగానే ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. "చేత్తో పట్టుకుని చూస్తే గీత మన పట్టుకి తగ్గట్టు కదులుతుందమ్మాయ్. ముందు ముద్ర తీద్దాం" అన్నారు.

మణికట్టు గీతల్ని మణిబంధ రేఖలంటారు. చెయ్యి, ముంజేయి కలిసేచోట కంకణాల్లా అడ్డంగా ఉంటాయి. చాలామందికి రెండో మూడో ఉంటాయి. ఆడవాళ్లకి ఎడమ చెయ్యి, మగవాళ్లకి కుడి చెయ్యి చూడటం మన దగ్గర వాడుక. ముద్ర తీయడం అరచేతికి సులువే కానీ మణికట్టు దగ్గర చాలా కష్టం. నాకు మొదటి ముద్ర ఎలా తప్పిందో చెప్తాను, ఎందుకంటే నా భయం సగం అక్కడే తేలిపోయింది.

నల్ల స్టాంప్ ప్యాడ్ సిరాని దూదితో పలచగా మణికట్టుకీ అరచేతికీ రాసి, బల్ల మీది తెల్లకాగితానికి గట్టిగా అదిమాం. అరచెయ్యి చక్కగా పడింది. మణికట్టు మధ్యలో మాత్రం తెల్లగా ఖాళీ మిగిలింది. మొదటి గీత తెగిపోయినట్టు, చివర్లు పైకి లేచినట్టు కనబడింది. నాకు గొంతు ఎండిపోయింది. మాస్టారు ఆ ఖాళీని పెన్సిల్‌తో చూపించి, "ఇది తెగిన గీత కాదు. అక్కడ పల్లం, కాగితం తగల్లేదు, అంతే" అన్నారు.

తర్వాత చపాతీ కర్రకి కాగితం చుట్టి ఇచ్చారు. ముంజేయి కింది భాగం కాగితం అంచున ఆనించి, కర్ర మీదుగా చేతిని మెల్లగా వేళ్ల కొసల దాకా దొర్లించమన్నారు. ముంజేయి, మధ్యవేలు ఒకే వరసలో ఉండాలి. చెయ్యి చిటికెన వేలి వైపు కాస్త వాలినా గీత ఏటవాలుగా పడుతుంది. మణికట్టు లోపలికి వంచితే లేని మడతలు కొత్తగా పుడతాయి, వాటిని కూడా గీతలని లెక్కపెట్టేస్తాం. మూడుసార్లు తీశాం. కొబ్బరినూనె రాసి సిరా తుడుచుకోవడం, మళ్లీ మొదలుపెట్టడం. మూడింటిలోనూ ఒకేలా పడినదే నమ్మాలన్నారు.

మూడింటిలోనూ మూడు గీతలు. రెండోది శుభ్రంగా, మూడోది గొలుసులా. మొదటిది తెగలేదు. వంపు మాత్రం ఉంది. స్కేలు పెట్టి చూస్తే, చివర్ల కంటే మధ్యభాగం రెండు మిల్లీమీటర్లు అరచేతి వైపు లేచింది. మాస్టారు దాన్ని దాచలేదు, "ఉంది" అనే చెప్పారు.

ఆ తర్వాత ఆయన శాస్త్రంలో ఏముందో చెప్పడం మొదలుపెట్టారు. వరాహమిహిరుడి బృహత్సంహితలో మణికట్టు దగ్గర పుట్టి అరచేతిలోకి వెళ్లే మూడు రేఖలు రాజు లక్షణమని ఉంది. సాముద్రిక గ్రంథాల్లో యవమాల అనే మాట వస్తుంది. మణికట్టు గీత యవలు, అంటే బార్లీ గింజలు, గుచ్చినట్టుంటే అది యవమాల. మూడు వరసలుంటే రాజు, రెండుంటే మంత్రి, ఒకటుంటే ధనవంతుడు. నా మూడో గీతని అంతవరకూ నేను గొలుసులా ఉందని బాధపడుతున్నాను! పడమటి దేశాల పద్ధతిలో గొలుసు శ్రమకి గుర్తు, ఇక్కడేమో గింజల వరస భాగ్యానికి గుర్తు. ఒకే గీతకి రెండు ఫలితాలు.

"మరి సంతానం మాట ఎక్కడిది మాస్టారూ?" అని అడిగాను. అది మనకి ఎక్కువగా కీరో అనే పడమటి దేశపు హస్తసాముద్రికుడి పుస్తకాల ద్వారా వచ్చిందన్నారు. కీరో అసలు పేరు విలియం జాన్ వార్నర్, 1866లో పుట్టి 1936లో పోయాడు. చెయ్యి చూడటంలో మణికట్టు గీతలకి తాను పెద్ద ప్రాధాన్యం ఇవ్వనని ఆయనే రాశాడు. ఒక్క మినహాయింపు మాత్రం చెప్పాడు: మొదటి గీత విల్లులా అరచేతిలోకి లేస్తే స్త్రీకి కాన్పు విషయంలో ఇబ్బంది అని, దానికి పాత గ్రీకుల కథ ఒకటి జోడించాడు. ఫంక్షన్‌లో నేను విన్న మాట ఇదే. మాస్టారు నాకు చూపించిన సంస్కృత శ్లోకాల్లో ఆ మాట లేదు. రెండు సంప్రదాయాలు ఒక నోట్లో కలిసిపోయి, చెప్పే మనిషికి కూడా ఏది ఎక్కడిదో తెలియకుండా పోయిందని అప్పుడు అర్థమైంది.

ఆయుర్దాయం మాట కూడా అంతే. ఒక్కో గీతకి పాతికేళ్ల చొప్పున లెక్క కట్టడం అందరి నోటా వింటాం. అమ్మ వెంటనే, "మా అమ్మకి రెండే గీతలు మాస్టారూ. ఎనభై ఎనిమిదేళ్లు బతికింది" అంది. మాస్టారు తన నోట్‌బుక్ తీసి ఆ సంగతి రాసుకున్నారు. లెక్కకి సరిపోని చేతుల కోసం ఆయన విడిగా ఒక పేజీ ఉంచుకున్నారు. అది దాదాపు నిండిపోయి ఉంది. ఆయన మీద నాకు గురి కుదిరింది ఆ పేజీ చూశాకే.

లేవబోతుంటే, "డాక్టర్ని కలిశారా?" అని అడిగారు. కలవలేదు. అన్ని నెలలూ గీతని చూసుకున్నాను తప్ప ఒక్క పరీక్ష చేయించుకోలేదు. ఆ వారమే ఇద్దరం వెళ్లాం. నాకు థైరాయిడ్ తేడాగా ఉందని తేలింది, మాత్ర మొదలుపెట్టారు. డాక్టరమ్మకి మణికట్టు చూపించి అడిగేశాను. చెయ్యి మడిచేచోట చర్మం కింది పొరలకి అతుక్కుని ఉంటుందనీ, ఆ మడతలు తల్లి కడుపులో ఉన్నప్పుడే ఏర్పడతాయనీ, గర్భసంచికీ వాటికీ సంబంధం లేదనీ ఓపిగ్గా చెప్పింది.

ఇప్పుడు నాకు ఆరో నెల. ఇంటికొచ్చాక ఆ మూడు ముద్రల్లో ఒకటి అత్తయ్యకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తన గాజులు పైకి తోసి, చెయ్యి నా ముందు పెట్టింది. ఆవిడ మొదటి గీత నా గీత కంటే ఎక్కువ వంపు. ఆవిడకి నలుగురు పిల్లలు.