లువాంగ్ ప్రబాంగ్‌లో మూడు ఉదయాలు: నా ఫొటో లాగ్

మొదటి రోజు. లావోస్‌లోని ఈ ఊళ్లో బౌద్ధ భిక్షువులు తెల్లవారక ముందే వరుసగా భిక్షకు వస్తారు. తాక్ బాత్ అంటారు. ఫ్లాష్ ఆపేశాను కదా, ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నా. కానీ చీకట్లో ఫోకస్ కోసం కెమెరా ముందుండే చిన్న నారింజ దీపం దానంతటదే వెలిగి ఒక బాల భిక్షువు ముఖం మీద పడింది. కళ్లు చికిలించి తల దించుకున్నాడు. నాకు చాలా బాధేసింది. తీసిన 11 ఫొటోలూ డిలీట్ చేశాను. రూముకు రాగానే మెనూలో AF assist దీపం, బీప్ ఆపేసి సైలెంట్ షట్టర్ పెట్టాను.

రెండో రోజు. రోడ్డుకు అవతలి పక్క గోడ వారగా కూర్చున్నాను. 85 ఎంఎం లెన్స్, ఎఫ్/1.8, ఐఎస్ఓ 6400. సైలెంట్ షట్టర్‌తో ఎల్ఈడీ వీధి దీపాల కింద ఫొటోలో అడ్డ చారలు పడ్డాయి. ఇక్కడ కరెంటు 50 హెర్ట్జ్, మన దగ్గరలాగే. షట్టర్ 1/100కి మార్చాక చారలు దాదాపు పోయాయి. నడిచే పాదాలు కొంచెం చెదిరాయి, అది నాకు నచ్చింది.

60 తీశాను. చాలావాటిలో ఉన్నది కాషాయ రంగు వరుస ఒక్కటే. ఆ రంగు లేకపోతే ఇందులో చూడ్డానికి ఏముంది అని ఒక్కోదాన్నీ అడిగితే రెండే నిలిచాయి. ఒకదాంట్లో ఒకావిడ వెదురు బుట్టలోంచి జిగురన్నం చిటికెడు తీసి పాత్రలో వేస్తోంది. వేళ్లకూ పాత్ర అంచుకూ మధ్య జానెడు చీకటి. ముఖాలు లేవు. ఆమె పూజను నేను ఆపలేదు, ఆమెను ఎవరికీ చూపించనూ లేదు.

మూడో రోజు. వాట్ మై గుడి పక్క సందులో ఉదయం సంత. ఇక్కడ అడగడానికి వీలుంది, కాబట్టి అడిగే తీయాలి. కెమెరా కిందికి దించి, ముందు ‘సబాయ్‌దీ’, తర్వాత ‘థాయ్ హూప్ దై బొ?’ (ఫొటో తీయొచ్చా?). ఎనిమిది మందిని అడిగితే ఐదుగురు సరేనన్నారు. ఇద్దరు చెయ్యి ఊపి వద్దన్నారు. ఒకావిడ నవ్వింది గానీ చూపు పక్కకు తిప్పేసుకుంది. మొహమాటంతో నవ్వే నవ్వు మనకు తెలియనిదా? దాన్నీ వద్దనే లెక్కేశాను.

నది నాచును పలచగా పరిచి, నువ్వులు చల్లి, మన అప్పడాల్లా ఎండబెట్టి అమ్మే అవ్వ తన ముఖం వద్దని, ఆ నాచు రేకులు చూపించింది. ఒక రేకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఆకుపచ్చ జల్లెడలా మెరిసింది, వెనక ఆమె వేళ్ల నీడలు. కెమెరా తిప్పి స్క్రీన్ చూపిస్తే రెండు వేళ్లతో జూమ్ చేసి నువ్వుల్ని చూసుకుంది.

చివరికి ఉంచుకున్నవి 7. రేపు ఆ అవ్వకు ప్రింట్ ఇవ్వాలి, పొద్దున్నే సంత సర్దేయకముందే వెళ్లాలి.