రెండు పేజీల టోస్ట్‌ని ఏడు కార్డుల్లోకి దించడం: నా అనుభవం

విజయనగరంలో మేనకోడలి రిసెప్షన్. గ్లాసులెత్తి కొత్త జంటకి శుభం పలుకుతూ మాట్లాడే టోస్ట్ మన పెళ్లిళ్లలో అలవాటు లేదు గానీ, పెళ్లికొడుకు స్నేహితులు బెంగళూరు నుంచి వస్తూ అది ఉండాల్సిందే అన్నారు. మేనమామ వంతుగా మాట్లాడే పని నాకు పడింది. రాసుకున్నది ఏ4 కాగితాలు రెండు, సుమారు 420 మాటలు. గడియారం పక్కన పెట్టుకుని పైకి చదివితే ఐదున్నర నిమిషాలు పట్టింది. యాంకర్ ఇస్తానన్నది మూడు నిమిషాలు. పైగా స్టేజీ మీద కాగితాలు చదవకుండా, చేతిలో చిన్న కార్డులు పట్టుకుని చూసుకుంటూ మాట్లాడాలనుకున్నాను. కాబట్టి మొదటి పని కార్డులు కొయ్యడం కాదు, మాటలు కొయ్యడం. కార్డుకి పాతిక సెకన్లు అనుకుంటే ఏడు కార్డులకి మూడు నిమిషాల లోపే అయిపోతుంది. ఆ లెక్క ముందే పెట్టుకుంటే ఏ కబురు ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చుకోవడం సులువు.

కార్డు కొలతలో మొదట పొరపడ్డాను. ఏ4 అట్టని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి పోస్టుకార్డంత వస్తుంది. బల్ల మీద బాగానే ఉంటుంది. స్టేజీ మీద ఒక చేతిలో మైకు ఉంటుంది కాబట్టి కార్డులు తిప్పాల్సింది రెండో చేతి బొటనవేలే. అంత పెద్ద అట్ట ఆ వేలికి లొంగదు. అదే ఏ4ని ఎనిమిది చేస్తే ఒక్కోటి 10.5 సెంటీమీటర్లు, 7.4 సెంటీమీటర్లు వస్తుంది, అరచేతిలో కుదురుతుంది. ఏడు వాడితే ఒకటి మిగులుతుంది. మామూలు జిరాక్సు కాగితం వద్దు, చెయ్యి కొంచెం వణికినా రెండింతలు వణుకుతుంది. 250 జీఎస్‌ఎం అట్ట, అదీ మెరుపు లేనిది తీసుకోవాలి. పాత శుభలేఖల వెనకవైపు రాద్దామనుకునేవాళ్లు ఉంటారు. ఆ నున్నటి అట్ట మీద వీడియో లైటు పడితే అక్షరం బదులు తెల్లటి మెరుపే కనబడుతుంది.

ఇక ఎక్కడ విడగొట్టాలన్నది. మొదటిసారి పంక్తులు లెక్కపెట్టి సమానంగా పంచేశాను. కబురు సగంలో ఉండగా కార్డు తిప్పాల్సి వచ్చింది, జనం నవ్వాల్సిన చోట నేను కాగితం వెతుక్కుంటున్నాను. రెండోసారి కొలత మార్చాను. జనం నవ్వే చోట గానీ చప్పట్లు కొట్టే చోట గానీ కార్డు ముగియాలి. ఆ రెండు మూడు సెకన్ల చప్పుడులో కార్డు తిరిగిపోతుంది, ఎవరికీ తెలియదు. ఒక కార్డులో రెండే ముక్కలున్నా పరవాలేదు, ఇంకోదాంట్లో ఐదు పంక్తులున్నా పరవాలేదు. ఆరో పంక్తి వచ్చిందంటే మాత్రం అందులో రెండు కబుర్లు ఇరుక్కున్నాయని అర్థం.

ఒక పేరా ఎలా మారిందో చూపిస్తాను. చిత్తులో ఇలా ఉంది: "మా మేనకోడలు వేసవి సెలవులకి బొబ్బిలి వచ్చినప్పుడు వీణలు చేసే గొల్లపల్లి తీసుకెళ్లాను. ఒకే పనసదుంగని తొలిచి వీణ మొత్తం చెయ్యడం చూస్తూ సాయంత్రం దాకా అక్కడినుంచి కదల్లేదు. చివరికి ఆ పెద్దాయన్ని, తాతా, ముక్కలు అతికించెయ్యొచ్చు కదా, అని అడిగింది." కార్డు మీదికి వచ్చేసరికి ఇది మిగిలింది:

3/7
గొల్లపల్లి, ఒకే పనసదుంగ
సాయంత్రం దాకా
"తాతా, ముక్కలు అతికించెయ్యొచ్చు కదా?"
ఆగు
తర్వాత: అల్లుడి వంట

బోల్డు చెయ్యాల్సింది అందమైన మాటని కాదు, మర్చిపోతే దారి తప్పే మాటని. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. వచ్చింది, అడిగింది, కదల్లేదు లాంటివి నోటికి వాటంతటవే వస్తాయి, వాటిని దళసరి చేసి లాభం లేదు. వాక్యాన్ని మొదలెట్టించే నామవాచకమే అందుకోవాలి, అందుకే "ఒకే పనసదుంగ". నవ్వు పుట్టించే మాట మాత్రం పొల్లుపోకుండా పూర్తిగా ఉండాలి, ఎందుకంటే అందులో ఒక్క ముక్క అటూ ఇటూ అయినా నవ్వు రాదు. కార్డుకి రెండు బోల్డులు చాలు. ఉత్సాహంలో ఐదు పెట్టి చూశాను, ఏదీ కంటికి ఆనలేదు. పరీక్ష సులువే: కార్డుని నడుము దగ్గర పట్టుకుని ఒక్క సెకను కిందికి చూసి తల ఎత్తాలి. ఆ చూపులో దొరికింది బోల్డు మాటే అయితే సరిగ్గా చేసినట్టు.

అక్షరాల దగ్గర తెలుగుకే ఉన్న తిప్పలు కొన్ని ఉన్నాయి. మండలి లాంటి ఫాంటుకి బోల్డు రూపం విడిగా లేదు. వర్డ్‌లో బోల్డు నొక్కితే ఉన్న గీతనే లావు చేస్తుంది. దాంతో గుడీ గుడిదీర్ఘం ఒకలా కనబడతాయి, ఒత్తుల లోపలి ఖాళీ పూడుకుపోతుంది. నోటో సాన్స్ తెలుగుకి బోల్డు విడిగా గీసి ఉంది, అదే వాడాను: మామూలు మాటలు 16 సైజు, బోల్డు 18. పంక్తుల ఎడం దగ్గర Exactly పెట్టి తక్కువ అంకె ఇస్తే ఒత్తుల అడుగు తెగిపోతుంది. 1.5 lines పెడితే ఆ బెడద లేదు. డీటీపీ సెంటర్‌కి ఇచ్చేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అక్కడ అను అనే ఫాంట్లలో పని చేస్తుంటే మన ఫోన్లో కొట్టిన తెలుగు నేరుగా అందులో అతకదు, గజిబిజి గుర్తులు వస్తాయి. పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లి, సైజు మార్చకుండా అట్ట మీద తియ్యమంటే సరిపోతుంది. ఇదంతా ఎందుకనుకుంటే చేత్తో రాసుకోవచ్చు: బాల్‌పెన్నుతో మామూలు మాటలు, స్కెచ్ పెన్నుతో ముఖ్యమైనవి. స్కెచ్ పెన్ను సిరా అవతలికి దిగొచ్చు, ఒకవైపే రాయాలి. అచ్చువేసినా నేను ఒకవైపే వాడతాను, రెండువైపులా ఉంటే ఏది చదివేశామో గుర్తుండదు.

వరస విషయంలో ఉత్త అంకె చాలదు. 3 అని కాకుండా 3/7 అని ఉంటే చివరిది తప్పిపోయిందేమో వెంటనే తెలుస్తుంది. అంకె కుడివైపు పైన పెట్టాను, ఎందుకంటే ఎడమ పైమూలలో చిల్లు పడుతుంది. కార్డు అడుగున తర్వాతి కార్డు విషయం ఒక ముక్క రాస్తే తిప్పకముందే నోరు సిద్ధమవుతుంది. చిల్లులో ఆఫీసు ఫైళ్లకి కట్టే ట్యాగు దూర్చి రెండంగుళాలు వదులుగా ముడి వేశాను. మన తాళపత్రాల కట్టకి తాడు ఉండేదీ ఇందుకే, చెయ్యి జారినా వరస చెదరదు. బిగించి కడితే మాత్రం కార్డు వెనక్కి పడుకోదు. అంకెలు చివరిదాకా పెన్సిల్‌తోనే ఉంచి, అచ్చుకి ఇచ్చే ముందు కార్డులన్నీ పేకముక్కల్లా కలిపి మా అబ్బాయికిచ్చి అంకెలు చూడకుండా పేర్చమన్నాను. నాలుగూ ఐదూ తారుమారు చేశాడు. "ఏటి నాన్నా, రెండింట్లోనూ వంట గురించే ఉంది" అన్నాడు. నిజమే, అది ఒకే కబురు, విడగొట్టింది నేను. రెండూ కలిపేస్తే ఖాళీ అయిన చోట వియ్యపురాలి ఆదరణ గురించి విడిగా ఒక కార్డు పట్టింది. ఆ ఐదో కార్డు మూలన చుక్క పెట్టాను. సమయం లేదని యాంకర్ సైగ చేస్తే దాన్ని దాటేసినా కథ తెగదు.

మొదటి కార్డూ చివరి కార్డూ మాత్రం ముక్కలుగా రాయలేదు, పూర్తి వాక్యాలే. మొదటిదాంట్లో మగపెళ్లివారి పెద్దల వరస ఉంటుంది. వియ్యంకుడి అన్నగారి పేరు తమ్ముడి తర్వాత వచ్చిందంటే మిగతా మూడు నిమిషాలూ ఎవరూ వినరు. ఆ పేర్లన్నీ బోల్డే, ఇక్కడ రెండు బోల్డుల లెక్క వర్తించదు. చివరి కార్డులో గ్లాసు ఎత్తే మాట. అప్పటికి సగం మంది భోజనాల బంతి వైపు చూస్తుంటారు, గ్లాసు చేతిలో ఉండదు. అందుకే "అందరూ బాదంపాలు చేతిలోకి తీసుకోండి" అన్నది మొదటి పంక్తి, దాని కింద "ఐదు లెక్కపెట్టు", ఆ తర్వాతే ఇద్దరి పేర్లూ. లెక్కపెట్టమని కార్డు మీద రాసుకోకపోతే ఆ హడావుడిలో పేర్లు ముందే చెప్పేస్తాం, గ్లాసులు ఆ తర్వాత లేస్తాయి.