ఈక్వటోరియల్ ఎందుకు? "స్టెరిక్ హిండ్రన్స్ వల్ల" అని రాసి ఆగిపోకండి

మొదటి మాక్ టెస్ట్‌లో నాకు పది మార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది. సైక్లోహెక్సేన్ చైర్ కన్ఫర్మేషన్ గీసి, పెద్ద గ్రూపులు ఈక్వటోరియల్ స్థానంలోనే ఎందుకు ఉంటాయో వివరించమని. బాగా వచ్చిన ప్రశ్నే కదా అని నీట్‌గా చైర్ గీశాను, ఆక్సియల్, ఈక్వటోరియల్ రెండూ చూపించాను, కింద "ఆక్సియల్‌లో ఉంటే స్టెరిక్ హిండ్రన్స్ ఎక్కువ, అందుకే ఈక్వటోరియల్ స్థిరం" అని రాసి ముగించాను. పేపర్ తిరిగొచ్చాక చూస్తే నాలుగు మార్కులు. ఆ వాక్యం పక్కన మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క మాట: "దేనితో?"

నాకు జవాబు తెలియలేదు. ఆ గ్రూపు ఏ పరమాణువుతో ఇబ్బంది పడుతోంది, ఎంత ఇబ్బంది పడుతోంది అనేది నేనెప్పుడూ ఆలోచించలేదు, నోట్సులో ఉన్న వాక్యం బట్టీ పట్టానంతే. తర్వాత రెండు వారాలు ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను. అందులో నాకు దొరికిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ టాపిక్‌లో మార్కులు పోయేది దాదాపు అందరికీ అక్కడే.

ముందు బొమ్మ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆక్సియల్ బంధాలు నిలువు గీతలు, ఒక కార్బన్ మీద పైకి, పక్క కార్బన్ మీద కిందికి, అలా మారుతూ పోతాయి. ఈక్వటోరియల్ గీతల దగ్గరే చాలామంది చేయి తడబడుతుంది. C1 మీది ఈక్వటోరియల్ గీత C2–C3 బంధానికి, C5–C6 బంధానికి సమాంతరంగా ఉండాలి, అంటే పక్క బంధానికి కాదు, దాని తర్వాతి బంధానికి. ఆక్సియల్ పైకి ఉన్న కార్బన్ మీద ఈక్వటోరియల్ కొంచెం కిందికి వాలుతుంది. ఇది చేయి తిరిగేదాకా గీయండి, వచ్చాక మళ్లీ దాని గురించి ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. C1 మీద మిథైల్ ఆక్సియల్‌గా పైకి ఉందనుకోండి. అదే ముఖం మీద, అంటే పైవైపు, ఇంకా ఏ ఆక్సియల్ గీతలు పైకి ఉన్నాయో చూడండి: C3 మీద ఒకటి, C5 మీద ఒకటి. వాటి మీద ఉన్నవి హైడ్రోజన్లు. మిథైల్ ఇబ్బంది పడేది సరిగ్గా ఆ రెండు హైడ్రోజన్లతోనే. మూడూ ఒకదానికొకటి సమాంతరంగా పైకి నిలబడి ఉన్నాయి కాబట్టి ఒకదాన్నొకటి నెడతాయి. 1,3-డయాక్సియల్ ఇంటరాక్షన్ అనే పేరు అందుకే వచ్చింది. చాలామంది పక్కనున్న C2 హైడ్రోజన్లతో గొడవ అని రాస్తారు, అది తప్పు. C2 మీద ఆక్సియల్ హైడ్రోజన్ కిందికి తిరిగి ఉంటుంది, దానికీ మన మిథైల్‌కీ మధ్య చాలా దూరం.

ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి చూస్తే అంకెలు కూడా వస్తాయి. C1–C2 బంధం వెంట చూస్తూ న్యూమన్ ప్రొజెక్షన్ గీయండి. ముందు కార్బన్ మీద మిథైల్, వెనక కార్బన్ మీద C3. మిథైల్ ఆక్సియల్ అయితే రెండింటి మధ్య కోణం దాదాపు 60 డిగ్రీలు, అంటే అచ్చంగా గాష్ బ్యూటేన్. ఈక్వటోరియల్ అయితే 180 డిగ్రీలకు దగ్గర, అంటే యాంటీ బ్యూటేన్. బ్యూటేన్‌లో గాష్ రూపం యాంటీ కన్నా సుమారు 0.9 కిలోకేలరీలు ఎక్కువ (ఈ అంకెలన్నీ ఒక మోల్‌కి). C1–C6 వెంట చూసినా C5తో అదే కథ. రెండు గాష్‌లు కలిపితే 1.8. ప్రయోగంలో కొలిచిన విలువ సుమారు 1.7. నాకైతే ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా రావడం చూసిన రోజే ఈ టాపిక్ నిజంగా అర్థమైంది.

ఒక జాగ్రత్త. గాష్ బ్యూటేన్ అన్నా, 1,3-డయాక్సియల్ అన్నా ఇక్కడ ఒకే ఇబ్బందికి రెండు పేర్లు. కొందరు రెండూ విడివిడిగా లెక్కేసి 3.6 అని రాస్తారు. ఒక మిథైల్‌కి రెండే ఇంటరాక్షన్లు, ఒకటి C3 వైపు, ఒకటి C5 వైపు, అంతే.

ఈ 1.7నే ఏ-వాల్యూ అంటారు. దాన్నుంచి శాతం తెచ్చుకోవడానికి ΔG = –RT ln K చాలు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్రతి 1.36 కిలోకేలరీల తేడాకి నిష్పత్తి పది రెట్లు పెరుగుతుందని గుర్తుపెట్టుకుంటే కాలిక్యులేటర్ లేకపోయినా నడిచిపోతుంది. 1.7కి K సుమారు 18, అంటే మిథైల్‌సైక్లోహెక్సేన్‌లో దాదాపు 95 శాతం అణువులు ఈక్వటోరియల్, 5 శాతం ఆక్సియల్. "ఆక్సియల్ రూపం ఉండదు" అని మాత్రం రాయకండి. ఉంటుంది, తక్కువగా ఉంటుంది. ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారడానికి దాటాల్సిన అడ్డు సైక్లోహెక్సేన్‌లో సుమారు 10.8 కిలోకేలరీలే, మామూలు ఉష్ణోగ్రతలో రింగు సెకనుకు లక్ష సార్ల స్థాయిలో తిరగబడుతూనే ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చాక నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఏ-వాల్యూల పట్టిక. మిథైల్ 1.7, ఇథైల్ సుమారు 1.8, ఐసోప్రొపైల్ సుమారు 2.2, టెర్షియరీ బ్యుటైల్ ఏకంగా 4.9 దాకా. మొదటి మూడూ మెల్లగా పెరిగి చివరిది ఒక్కసారిగా ఎందుకు ఎగిరింది? ఐసోప్రొపైల్ కన్నా ఒక్క మిథైలే కదా ఎక్కువ. పట్టిక బట్టీ పడితే ఈ ప్రశ్న తట్టదు, నాకు మోడల్ కిట్ చేతిలో ఉండబట్టి తట్టింది.

చైర్ కట్టి C1 మీద ఆక్సియల్‌గా మిథైల్ పెట్టాను. మిథైల్ కార్బన్ మీద మూడు హైడ్రోజన్లు. ఎక్లిప్స్‌డ్ కాకుండా స్టాగర్డ్‌గా అమర్చుకుంటే, వాటిలో ఒకటి తప్పనిసరిగా రింగు మీదికి, C3, C5 హైడ్రోజన్ల మధ్యలోకి వంగి ఉంటుంది. మిగతా రెండూ బయటి వైపు. ఇప్పుడు ఒక బయటి హైడ్రోజన్ తీసి దాని చోట మిథైల్ పెట్టాను, అది ఇథైల్. రింగు మీదికి వంగింది ఇప్పటికీ హైడ్రోజనే. రెండో బయటి హైడ్రోజన్ కూడా తీసి మిథైల్ పెడితే ఐసోప్రొపైల్. లోపలికి వంగింది ఇంకా హైడ్రోజనే! రెండు మిథైళ్లూ బయటే ఉన్నాయి. అంటే C3, C5 హైడ్రోజన్లకి ఎదురుగా ఉన్నది మూడు గ్రూపుల్లోనూ ఒకటే, అందుకే విలువలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఐసోప్రొపైల్‌కి అలా ఒకే భంగిమలో ఉండక తప్పదు, తిరిగే స్వేచ్ఛ పోతుంది, ఆ కాస్త పెరుగుదలలో దాని పాత్ర ఉంది.

ఇక ఆ చివరి హైడ్రోజన్ కూడా తీసి మిథైల్ పెట్టండి. ఎటు తిప్పినా ఏదో ఒక మిథైల్ రింగు మీదికి రావాల్సిందే, దాక్కోడానికి చోటు లేదు. నేను కిట్‌లో ఆ బంధం పట్టుకుని తిప్పుతుంటే మిథైల్ బంతులు C3, C5 మీది హైడ్రోజన్లకి తగిలి ఆగిపోయాయి. "దేనితో?" అనే ప్రశ్నకి జవాబు వేలికి తగిలిందంటే నమ్మండి. పరీక్షలో ఈ రెండు మూడు వాక్యాలు, పక్కన రింగు మీదికి వంగిన మిథైల్ చూపించే చిన్న బొమ్మ ఉంటే ఆన్సర్ స్థాయే మారిపోతుంది.

దీంతోపాటే తెలిసే ఇంకో విషయం, "పెద్ద గ్రూపు" అంటే పరమాణువు సైజు ఒక్కటే కాదని. బ్రోమిన్ చిన్నదేం కాదు, అయినా దాని ఏ-వాల్యూ సుమారు 0.5 మాత్రమే, అంటే దాదాపు 70 శాతం ఈక్వటోరియల్, 30 శాతం ఆక్సియల్. C–Br బంధం పొడవు 1.94 ఆంగ్‌స్ట్రామ్‌లు, C–C అయితే 1.54. బంధం పొడవు కాబట్టి బ్రోమిన్ ఆ హైడ్రోజన్లకి దూరంగా నిలబడుతుంది.

ఇక ఒక లెక్క పూర్తిగా చేద్దాం. సిస్-1-టెర్షియరీ బ్యుటైల్-4-మిథైల్‌సైక్లోహెక్సేన్, ఏ కన్ఫర్మర్ స్థిరం, ఎంత శాతం?

సిస్ అంటే రెండూ ఒకే ముఖం మీద, రెండూ పైకి అనుకుందాం. C1 మీద ఆక్సియల్ పైకి ఉండేలా చైర్ గీస్తే C4 మీద ఆక్సియల్ కిందికి ఉంటుంది. కాబట్టి C1 మీద పైకి ఉన్న టెర్షియరీ బ్యుటైల్ ఆక్సియల్, C4 మీద పైకి ఉన్న మిథైల్ ఈక్వటోరియల్. ఈ రూపం ఖర్చు 4.9. ఇప్పుడు రింగ్ ఫ్లిప్ చేయండి. రెండూ ఇంకా పైకే ఉంటాయి, కానీ బ్యుటైల్ ఈక్వటోరియల్ అయింది, మిథైల్ ఆక్సియల్ అయింది. ఖర్చు 1.7. తేడా 3.2, K సుమారు 220, అంటే 99.5 శాతానికి పైగా మిథైల్ ఆక్సియల్‌గా ఉన్న రూపమే. మిథైల్‌కి ఆక్సియల్ ఇష్టమని కాదు, బ్యుటైల్‌ని అక్కడ పెట్టడం కన్నా అది చవక అంతే.

ఇక్కడ నేను రెండుసార్లు చేసిన తప్పు, మా స్టడీ గ్రూపులో ఇప్పటికీ చాలామంది చేసేది, సిస్ అనగానే "రెండూ ఈక్వటోరియల్" అని రాసేయడం. అది 1,3లో మాత్రమే సాధ్యం. 1,2లోనూ 1,4లోనూ సిస్ అంటే ఒకటి ఆక్సియల్, ఒకటి ఈక్వటోరియల్. ఇంకొకటి, ఫ్లిప్ చేశాక పైనున్నదాన్ని కిందికి గీయడం. అలా గీస్తే సిస్ కాస్తా ట్రాన్స్ అయిపోతుంది, అంటే మీరు వేరే పదార్థం గురించి రాస్తున్నట్టు. నేను ఫ్లిప్ గీశాక ప్రతి గ్రూపు పక్కన పెన్సిల్‌తో "పై", "కింద" అని రాసుకుని రెండు బొమ్మల్లో పోల్చుకుంటాను, పది సెకన్లు కూడా పట్టదు. అలాగే "టెర్షియరీ బ్యుటైల్ రింగుని లాక్ చేస్తుంది" అనే మాట వాడితే, ఫ్లిప్ ఆగిపోదు, సమతాస్థితి దాదాపు పూర్తిగా ఒక వైపుకి మొగ్గుతుంది అని ఒక ముక్క జోడించండి.

ఏ-వాల్యూలు కూడితే సరిపోని చోటు ఒకటుంది, అది ట్రిక్ ప్రశ్నగా వస్తుంది. సిస్-1,3-డైమిథైల్‌సైక్లోహెక్సేన్‌లో రెండు మిథైళ్లూ ఆక్సియల్ అయిన రూపం ఎంత ఎక్కువ శక్తిలో ఉంటుంది? 1.7 రెండుసార్లు కూడి 3.4 అని రాస్తే తప్పు. అక్కడ ఒక మిథైల్‌కి ఎదురుగా హైడ్రోజన్ కాదు, ఇంకో మిథైలే ఉంది, ఆ ఒక్క ఇంటరాక్షనే సుమారు 3.7. ఇక C5 మీది హైడ్రోజన్‌తో ఒక్కో మిథైల్‌కి 0.9 చొప్పున 1.8. మొత్తం 5.5 దగ్గరికి వస్తుంది. అందుకే నేనిప్పుడు ఏ ప్రశ్న వచ్చినా ముందు ఏ-వాల్యూ రాయను. చైర్ గీసి, ఆక్సియల్ గ్రూపు నుంచి అదే ముఖం మీదున్న మిగతా రెండు ఆక్సియల్ స్థానాలకీ చుక్కల గీతలు గీసి, ఆ గీత చివర ఏముందో దాని పేరు రాస్తాను. రెండో మాక్‌లో అలా గీసిన బొమ్మకి తొమ్మిది వచ్చాయి, మార్జిన్ ఖాళీగా ఉంది.