కోడ్ పంపామంటారు, మెయిల్ మాత్రం రాదు: నా అనుభవం

"మీ మెయిల్‌కి కోడ్ పంపాం" అని తెర మీద పడితే మెయిల్ మన దాకా వచ్చిందని కాదు. సైటు ఆ మెయిల్‌ని పంపించే యంత్రానికి అప్పగించింది, అంతే. అక్కణ్ణుంచి అది బయల్దేరిందో లేదో, దారిలో ఎవరు తిప్పి పంపారో ఆ తెరకి తెలీదు. ఈ ముక్క నాకు బాగా వంటబట్టింది మా బావగారి లెక్కల సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని.

బావగారిది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. బిల్లులు, రైతుల ఖాతాలు అన్నీ ఓ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. కొత్త ఫోన్ కొన్నారు. అందులో లాగిన్ అవ్వబోతే మెయిల్‌కి వచ్చిన కోడ్ కొట్టమంది. కోడ్ రాలేదు. రీసెండ్ నొక్కారు, రాలేదు. "ఏరా, నువ్వొచ్చి చూడు" అని నాకు ఫోన్.

నేను చెప్పిన మొదటి మాట రీసెండ్ నొక్కడం ఆపమని. చాలా సైట్లలో కొత్త కోడ్ అడగ్గానే పాతది చెల్లకుండా పోతుంది. ఆలస్యంగా వచ్చిన మొదటి కోడ్ కొట్టి, తప్పంటోందని మళ్లీ అడిగి, అదే గుంటలో తిరిగేవాళ్లు ఎందరో. పైగా వరసగా నొక్కితే కొన్ని సైట్లు కాసేపు పంపడమే మానేస్తాయి.

తర్వాత చూడాల్సింది ఏ చిరునామాకి పంపుతోందని. తెర మీద సగం చుక్కలు పెట్టి చూపిస్తారు కదా, మొదటి అక్షరం, చివర ఏ మెయిలో పోల్చుకోవాలి. పాస్‌వర్డ్ మర్చిపోయామని లింక్ అడిగినప్పుడు ఇంకో మెలిక ఉంది. "ఈ చిరునామాతో ఖాతా ఉంటే లింక్ పంపాం" అంటారు. ఖాతా లేకపోయినా ఇదే వాక్యం చూపించి, ఏమీ పంపరు. ఎవరికి ఖాతా ఉందో బయటివాళ్లు కూపీ లాగకుండా కావాలనే అలా పెడతారు. అంటే మీరు వేరే మెయిల్‌తో నమోదై ఉంటే ఎంతసేపు చూసినా ఏదీ రాదు. బావగారి విషయంలో చిరునామా సరిగ్గానే ఉంది.

ఇక అందరూ చెప్పే స్పామ్ సంగతి. స్పామ్, ప్రమోషన్స్, చెత్తబుట్ట అంటూ ఒక్కోటీ తెరిచి చూడక్కర్లేదు. జీమెయిల్ వెతికే చోట ఇది కొడితే చాలు:

```
in:anywhere newer_than:1d
```

గత ఒక్క రోజులో వచ్చిన ప్రతి మెయిలూ, ఏ మూల ఉన్నా, వరసగా కనిపిస్తుంది. ఎప్పుడో పెట్టిన ఫిల్టర్ చెత్తబుట్టలో పడేసినా, ఆ కంపెనీని బ్లాక్ చేసినందుకు స్పామ్‌లోకి పోయినా ఇందులో దొరికిపోతుంది. ఇక్కడా లేదంటే మెయిల్ మన పెట్టె దాకా రానట్టే. మాకు దొరకలేదు.

అప్పుడు నా మెయిల్ నుంచి బావగారికి ఒకటి పంపాను. క్షణంలో వచ్చేసింది. పెట్టె పనిచేస్తోంది, ఈ కంపెనీ మెయిల్స్ ఒక్కటే రావట్లేదు. పాతవి వెతికితే అసలు ఆధారం దొరికింది: ఆ కంపెనీ నుంచి నెలనెలా వచ్చే స్టేట్‌మెంట్లు మార్చి దాకా ఉన్నాయి, ఆ తర్వాత ఒక్కటీ లేదు.

మార్చిలో ఏమైంది? యార్డులో సీజన్. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే తేజా రకం లాట్లకీ 334 రకం లాట్లకీ ఫొటోలు, వీడియోలు తీసి వాట్సాప్‌లో కొనేవాళ్లకి పంపడం, వాళ్ల నుంచి తిరిగి రావడం. ఫోన్ అవన్నీ గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కించేస్తోంది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఫొటోలకి, డ్రైవ్‌కి, మెయిల్‌కి కలిపి ఒకటే. 2021 జూన్ నుంచి ఎక్కించే ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. చోటు నిండితే మెయిల్ రావడం ఆగిపోతుంది, పంపినవాళ్లకి తిరిగి వెళ్తుంది. "అవునురా, పైన ఎర్రగా ఏదో పడేది, మీ మేనకోడలు వీడియోలన్నీ తీసేసింది" అన్నారు బావగారు. చోటు ఖాళీ అయింది, మిగతా మెయిల్స్ రావడం మొదలైంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

చోటు ఖాళీ అయ్యాక కూడా ఈ ఒక్క కంపెనీ మెయిల్స్ ఎందుకు రావు? పంపేవాళ్ల వైపు ఓ జాబితా ఉంటుంది, బౌన్స్ లిస్ట్ అనో సప్రెషన్ లిస్ట్ అనో అంటారు. ఒక చిరునామా నుంచి మెయిల్స్ తిరిగొస్తుంటే, దాన్ని ఆ జాబితాలో వేసి ఇక పంపడమే మానేస్తారు. చెల్లని చిరునామాలకి పంపుతూ పోతే వాళ్ల మెయిల్స్ అన్నిటినీ అందరూ స్పామ్‌గా చూస్తారని వాళ్ల భయం. తప్పు పట్టడానికి లేదు. కాకపోతే చాలాచోట్ల ఆ జాబితాలోంచి పేరు దానంతటది పోదు. మన పెట్టె ఖాళీ అయిందని వాళ్లకి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ప్రచార మెయిల్స్ గోల పడలేక అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కినా, కొన్ని కంపెనీల్లో కోడ్‌లకీ వాటికీ ఒకే జాబితా ఉండి ఇదే జరుగుతుంది.

ఇదేనా కారణం అని తేల్చుకోడానికి ఓ చిన్న కిటుకు ఉంది. జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ పెట్టి ఏదైనా రాస్తే, అంటే `మీపేరు+kotha@gmail.com` లాగా, మెయిల్ మీ పెట్టెకే వస్తుంది. జాబితాలో ఉన్నది మాత్రం మీ మామూలు చిరునామా. ప్లస్‌తో ఉన్నది వాళ్ల కంటికి వేరే మనిషి. దాంతో అదే సాఫ్ట్‌వేర్‌లో ఉచిత ఖాతా ఒకటి తెరిచాను. కోడ్ టక్కున వచ్చింది. అదే కంపెనీ, అదే పెట్టె, మారింది చిరునామా రాసిన తీరు ఒక్కటే. అడ్డు వాళ్ల దగ్గరే ఉంది. (ప్లస్ ఒప్పుకోని సైట్లుంటాయి, అక్కడ పేరు మధ్యలో ఓ చుక్క పెట్టి చూడొచ్చు, జీమెయిల్ చుక్కల్ని లెక్కచెయ్యదు. అయితే కొన్ని సైట్లు ప్లస్‌నీ చుక్కనీ తీసేసి చూస్తాయి, కాబట్టి కోడ్ రాకపోతే దాన్నిబట్టి ఏమీ తేలదు.)

కస్టమర్ కేర్‌లో అమ్మాయి యథావిధిగా "స్పామ్ చూశారా సార్" అంది. చూశామని చెప్పి, "మీ పంపిన మెయిల్స్ లాగ్‌లో ఈ చిరునామాకి ఈ రోజు ఏం నమోదైందో చూడండి, డెలివర్డ్ అనా, బౌన్స్ అనా, ఆపేసినట్టా" అని అడిగాను. కోడ్ రావట్లేదంటే ఎవరూ పట్టించుకోరు గానీ, ఈ మాట అడిగితే పనిని టెక్నికల్ వాళ్లకి పంపుతారు. లాగ్‌లో ఆపేసినట్టే ఉంది. తీసెయ్యాలంటే నమోదైన చిరునామా నుంచే ఓ మెయిల్ రాయమన్నారు. అది ఇబ్బంది కాలేదు, అడ్డు వాళ్లు పంపేవాటికే గానీ మనం పంపేవాటికి కాదు. మర్నాడు తీసేశారు, కోడ్ వచ్చింది, బావగారు లాగిన్ అయ్యారు.

ఆ ఉచిత ఖాతా మూసేశాను. ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, వాట్సాప్ బొమ్మల ఫోల్డర్‌కీ వీడియోల ఫోల్డర్‌కీ బ్యాకప్ ఆపేశాను. కొత్త ఫోన్‌తో తీసే ఫొటోల సైజు పాతదానికంటే పెద్దది, వచ్చే సీజన్‌కి ఆ 15 జీబీ సరిపోతుందని నాకు నమ్మకం లేదు. "కొట్టుకి వేరే మెయిల్ పెట్టుకో బావా" అంటే, "బోర్డు మీద ఇదే రాయించాం కదరా" అన్నారు.