వర్క్‌షీట్ ఫొటోలోంచి లాభనష్టాల లెక్కలు: నా అనుభవం

ఫోన్‌లో తీసిన ఫొటో చూసి లెక్క చేసేటప్పుడు, ముందు అంకెల్ని నమ్మకూడదని నాకు అర్థమైంది. ఒక లెక్కలో ప్రకటన వెల రూ. 640, రాయితీ 12½ శాతం. ఫొటో కాస్త మసకగా ఉండటంతో దాన్ని 121/2 అని చదివాను. అంటే అరవై శాతం పైచిలుకు తగ్గింపు, అమ్మిన వెల రూ. 252.80! ఏ దుకాణదారూ అలా ఇవ్వడు. 12½ శాతమంటే ఎనిమిదో వంతు, అంటే రూ. 80. అమ్మిన వెల రూ. 560. బడి లెక్కల్లో జవాబు పైసల్లోకి జారిందంటే ముందు ఫొటోను పెద్దది చేసి మళ్లీ చూస్తాను.

అసలు తిప్పలు పెట్టింది మరో లెక్క. వ్యాపారి కొన్న వెలపై 40 శాతం పెంచి ప్రకటన వెల వేశాడు. దానిపై 20 శాతం, ఆ తర్వాత మరో 10 శాతం రాయితీ ఇచ్చి, రూ. 1008కి అమ్మాడు. కొన్న వెల ఎంత, లాభమా నష్టమా?

మొదట తోచేది 40లోంచి 30 తీసేసి పది శాతం లాభం అనుకోవడం. అది తప్పు, ఎందుకంటే మూడు శాతాలూ మూడు వేర్వేరు వెలల మీద ఉన్నాయి. 40 కొన్న వెల మీద, 20 ప్రకటన వెల మీద, 10 ఒకసారి తగ్గిన వెల మీద. అందుకే ప్రతి శాతం పక్కన "దేనిమీద?" అని పెన్సిల్‌తో రాసుకున్నాను. అది రాశాక సగం పని అయిపోయినట్టే.

కొన్న వెల 100 అనుకుంటే ప్రకటన వెల 140. 20 శాతం పోతే 112, అందులో 10 శాతం పోతే 100.80. అంటే లాభం 0.8 శాతమే. రెండు రాయితీలూ కలిసి 28 శాతం అవుతాయి, 30 కావు. వాటిలో ఏది ముందు ఇచ్చినా ఫలితం మారదు.

వెనక్కి వచ్చేటప్పుడు ఇంకో గుంట ఉంది. పోయిన 10 శాతాన్ని 1008కి కలిపితే 1108.80 వస్తుంది. అక్కడా పైసలే పట్టించాయి. పోయిన పది శాతం పాత వెల మీదిది, 1008 మీదిది కాదు. కాబట్టి కలపకూడదు, భాగించాలి: 1008 ÷ 0.9 = 1120, 1120 ÷ 0.8 = 1400, 1400 ÷ 1.4 = 1000. కొన్న వెల రూ. 1000, లాభం రూ. 8.

ఫొటో అంచు తెగి "లాభం 25 శాతం" అన్నంతవరకే కనిపించిన లెక్క కూడా ఒకటుంది. అమ్మిన వెల 600. లాభశాతం కొన్న వెల మీదైతే కొన్న వెల 480, అమ్మిన వెల మీదైతే 450. ఏమీ చెప్పకపోతే కొన్న వెల మీదే లెక్కించడం వాడుక. కానీ తెగిన చోట ఏముందో తెలియదు కాబట్టి రెండూ చేసి, ఇచ్చిన నాలుగు జవాబుల్లో వెతికాను. 480 మాత్రమే ఉంది.