పోట్లాటకి సమాసాలు పనికిరావు

దేవుని కడపలో చెక్కభజన చేసే మా వీధివాళ్ల కోసం మూడు చరణాల పాట రాశాను. మొదటిది శరణాగతి, రెండోది విరహం, మూడోది స్వామితో చిన్న పోట్లాట. నిన్న రాత్రి పాడి చూస్తే మూడో చరణానికి ఎవరి ముఖంలోనూ నవ్వు రాలేదు. "కరుణాంతరంగా, నన్నేల మరచితివయ్యా" అని రాసుకున్నాను. మా పెద్దమ్మ విని, "ఇది అడుక్కున్నట్టుంది గానీ పోట్లాడినట్టు లేదు నాయనా" అనింది.

నిజమే. అంత పెద్ద సమాసంతో పిలిస్తే స్వామి గర్భగుడిలోనే ఉండిపోతాడు. పోట్లాడాలంటే ఆయన గడప దగ్గరికి రావాలి, తప్పు ఇదీ అని చూపించాలి. రాత్రి కూర్చుని మార్చాను: "ఏమయ్యా, అమ్మ అలిగితే పరుగెత్తుతావే, నేను పిలిస్తే మాత్రం పనులా?" ఇప్పుడు చెక్కల దెబ్బ సరిగ్గా "ఏమయ్యా" మీద పడుతోంది.

శరణాగతిలో ఒక ప్రశ్న మిగిలి ఉంటే తీసేశాను. "నీవాణ్ణి, నీదే భారం", అంతే. ప్రశ్న ఉందంటే ఇంకా బేరం ఉన్నట్టే. విరహంలో మాత్రం క్రియను ముగించలేదు: "దీపం కొండెక్కినా, కోడి కూసినా, వాకిట్లోనే నేను..." ఆ ఖాళీలో తాళం ఒక ఆవర్తం ఒంటరిగా నడుస్తుంది.

శనివారం పెద్దమ్మకి మళ్లీ వినిపించాలి.